పడని దాన్నే ఒంట్లోకి ఎందుకు ఎక్కిస్తారు?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఖమ్మంలో టీచర్‌ని. ఆరేళ్లుగా పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. సెట్రిజిన్ వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మామూలే. చలికాలంలో రాత్రిళ్లు పొడిదగ్గు కూడా వస్తోంది. చేతి మీద అలర్జీ పరీక్ష చేయిస్తే డస్ట్ మైట్స్ రెండు రకాలు 8 మి.మీ., 7 మి.మీ., బొద్దింక 3, వయ్యారిభామ 3, వంకాయ 3, శనగపప్పు 3 అని వచ్చింది. ఈ ఆరింటినీ కలిపి మూడేళ్లు ఇంజెక్షన్లు ఇస్తామన్నారు. మా అత్తయ్యగారేమో "పడని దాన్నే ఒంట్లోకి ఎక్కించడమేంటి, ఉన్నది కాస్తా ముదిరితే?" అంటున్నారు. మైగ్రేన్‌కి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. వచ్చే ఏడాది రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టమంటారా?

జవాబు: మీ అత్తయ్యగారు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు అర్థమైతే ఇంజెక్షన్లో ఏం ఉండాలి, ఎంత ఉండాలి, ఎన్నేళ్లు తీసుకోవాలి అన్నవి కూడా వాటంతటవే తేలిపోతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీకు పడనిది నిజానికి దుమ్ము కాదు, దుమ్ములో బతికే డస్ట్ మైట్ అనే జీవి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, మామూలు కంటికి కనబడదు. పరుపులోనూ దిండులోనూ బొంతలోనూ ఉండి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని మలంలో ఉండే కొన్ని ప్రోటీన్లు మీ ముక్కుకు పడటం లేదు. వాటిలో ముఖ్యమైన దాని పేరు డెర్ పి 1. ఇది ఇతర ప్రోటీన్లను కోసే ఎంజైమ్. ముక్కు లోపలి పొరలో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే బంధాలను కోసి లోపలికి దూరుతుంది. రాత్రంతా దిండులో ముఖం పెట్టి పడుకుని, లేచి దుప్పటి దులుపుతాం కాబట్టే మీకు పొద్దున తుమ్ములు ఎక్కువ. గాలిలోకి లేచిన ఆ రేణువులు కాస్త బరువైనవి, కాసేపటికి కిందికి దిగిపోతాయి. అందుకే పది గంటలకు స్కూల్లో ఉన్నప్పుడు మీకు కొంత నయంగా ఉండి ఉంటుంది.

ఇదే ప్రోటీన్ మీ ఇంట్లో అందరి ముక్కుల్లోకీ వెళ్తోంది, వాళ్లకేమీ కావడం లేదు. తేడా రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఎలా గుర్తుపెట్టుకుందన్న దగ్గర ఉంది. మీ ఒంట్లో ఆ ప్రోటీన్‌ను మొదట చూసిన టీ కణాలనే తెల్ల రక్తకణాలు టీహెచ్2 అనే రకంగా మారాయి. మామూలుగా పేగుల్లోని నులిపురుగుల్లాంటి వాటి మీద పనిచేయాల్సిన దళం అది. ఈ కణాలు ఇచ్చే సంకేతాలతో బీ కణాలు ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తాయి. ఆ ఐజీఈ వెళ్లి ముక్కు పొరలో ఉండే మాస్ట్ కణాల ఒంటి నిండా అతుక్కుని కూర్చుంటుంది. తర్వాత ఎప్పుడు డెర్ పి 1 వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకున్నా, ఆ కణం పగిలినట్టుగా హిస్టమిన్‌ను బయటికి వదిలేస్తుంది. తుమ్ము, దురద, నీరు కారడం నిమిషాల్లో వచ్చేది దీనివల్లే. కొన్ని గంటల తర్వాత ఇయోసినోఫిల్స్ అనే కణాలు చేరి ముక్కు పొరను వాచేలా చేస్తాయి, అప్పుడు ముక్కు దిబ్బడ మొదలవుతుంది. సెట్రిజిన్ చేసేది హిస్టమిన్ పనిని అడ్డుకోవడం ఒక్కటే. వెనకున్న ఆ జ్ఞాపకాన్ని అది ముట్టుకోదు. మానగానే మళ్లీ మొదలవడానికి కారణం ఇదే, మీ మాత్రలో లోపమేమీ లేదు.

ఆ జ్ఞాపకాన్ని మార్చే ప్రయత్నమే మీకు చెప్పిన ఈ ఇంజెక్షన్ల చికిత్స, ఇమ్యునోథెరపీ. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అనే డాక్టరు తిమోతి గడ్డి పుప్పొడి నుంచి తీసిన రసాన్ని, పుప్పొడి పడని రోగులకు అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ ఇంజెక్షన్‌గా ఇచ్చి, ఫలితం బాగుందని రాశారు. పుప్పొడిలో ఏదో విషం ఉందని, ఇంజెక్షన్ వల్ల దానికి విరుగుడు తయారవుతుందని ఆయన అనుకున్నారు. ఆ ఊహ తప్పు, పుప్పొడిలో విషమేమీ లేదు. కానీ పద్ధతి పనిచేసింది. ఎందుకు పనిచేసిందో అర్థం కావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. అసలు ఐజీఈ అనేది ఒకటుందని తెలిసిందే 1960లలో.

ఇప్పుడు మీ అత్తయ్యగారి సందేహం దగ్గరికి వద్దాం. పదార్థం అదే, కానీ అది వెళ్లే దారి వేరు, మోతాదు వేరు, వరస వేరు. మైట్ ప్రోటీన్ ముక్కులోకి రోజూ వెళ్తుంది, కానీ చాలా తక్కువగా, నానోగ్రాముల లెక్కలో వెళ్తుంది. అదీ పొరను గాయపరుస్తూ వెళ్తుంది. ఆ పొర కణాలు ఇచ్చే హెచ్చరిక సంకేతాలు టీహెచ్2 దళాన్నే మళ్లీమళ్లీ లేపుతాయి. ఇంజెక్షన్‌లో అదే ప్రోటీన్ చేతి పైభాగంలో, చర్మం కింది కొవ్వు పొరలోకి వెళ్తుంది. అక్కడి నుంచి లింఫ్ గ్రంథులకు చేరుతుంది. వారం వారం, క్రమంగా పెరుగుతూ, చివరికి ముక్కు ఎన్నడూ చూడనంత పెద్ద మోతాదులో చేరుతుంది. అలా వచ్చిన ప్రోటీన్‌కు స్పందనగా రెగ్యులేటరీ టీ కణాలనేవి పెరుగుతాయి. వాటి పని మిగతా కణాలను అణచి ఉంచడం. ఐఎల్-10 అనే సంకేతాన్ని విడుదల చేసి అవి టీహెచ్2 కణాల జోరు తగ్గిస్తాయి. బీ కణాలను ఐజీఈ వైపు నుంచి ఐజీజీ4 అనే మరో యాంటీబాడీ వైపు మళ్లిస్తాయి.

ఈ ఐజీజీ4 కూడా మైట్ ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. కానీ ఇది మాస్ట్ కణాల్లోంచి హిస్టమిన్‌ను విడుదల చేయించదు. రక్తంలోనూ ముక్కు స్రావాల్లోనూ తిరుగుతూ, డెర్ పి 1 వెళ్లి ఐజీఈని తాకకముందే మధ్యలో పట్టేసుకుంటుంది. చికిత్స తీసుకుంటున్నవాళ్లలో ఇది పది రెట్ల నుంచి వంద రెట్ల దాకా పెరుగుతుంది. ఐజీఈ మాత్రం మొదటి నెలల్లో తగ్గదు, పైగా కాస్త పెరుగుతుంది. తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా దిగుతుంది. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఆరు నెలలకు ఎవరో ఐజీఈ పరీక్ష చేయించి "చూశావా, పెరిగింది, ముదిరింది" అంటారు. ఆ పెరుగుదల అనుకున్నదే. చికిత్స పనిచేస్తోందా లేదా అని ఐజీఈ అంకెను బట్టి తేల్చకూడదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. "కొంచెం కొంచెంగా ఇస్తూ ఉంటే ఒళ్లు అలవాటు పడుతుంది" అని ఈ చికిత్సను అందరూ చెప్పుకుంటారు. అందులో సగమే నిజం. కొంచెం కొంచెంగా ఇవ్వడం ప్రమాదం లేకుండా పైకి ఎక్కడానికి. మార్పు తెచ్చేది పైన ఉన్న మోతాదు. ముఖ్య అలర్జెన్, అంటే అలర్జీ తెప్పించే ప్రధాన ప్రోటీన్, ఒక్కో ఇంజెక్షన్‌కు దాదాపు 5 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉన్నప్పుడే ఈ చికిత్స బాగా పనిచేసినట్టు తేలింది. అంతకన్నా బాగా తక్కువ మోతాదులో ఎన్నేళ్లు ఇచ్చినా ఉత్త సూదికీ దానికీ పెద్ద తేడా ఉండదు. పలచన చేసేకొద్దీ బలం పెరుగుతుందన్న ఆలోచనకు ఇక్కడ చోటు లేదు.

మీ విషయంలో లెక్క వేసి చూద్దాం. అందాలనుకున్న మోతాదు 10 మైక్రోగ్రాములు, అది అసలు సీసాలో 0.5 మి.లీ.లో ఉందనుకోండి. దాన్ని పదిరెట్లు, వందరెట్లు, వెయ్యిరెట్లు పలచన చేసి మరో మూడు సీసాలు తయారుచేస్తారు. మొదటి వారం అన్నిటికన్నా పలచనదాంట్లోంచి 0.1 మి.లీ. ఇస్తారు. అందులో ఉండేది 2 నానోగ్రాములు మాత్రమే. తర్వాత వారానికొకటి చొప్పున 0.2, 0.3, 0.4, 0.5 మి.లీ. ఇచ్చి, పై సీసాకు మారి మళ్లీ 0.1తో మొదలుపెడతారు. ఇలా వెళ్తే ఏ వారమూ మోతాదు ముందు వారానికి రెండింతలు మించదు. నాలుగు సీసాలకు ఐదేసి చొప్పున ఇరవై ఇంజెక్షన్లు, అంటే దాదాపు ఐదు నెలలు. ఆఖరుది 10 మైక్రోగ్రాములు, అంటే 10,000 నానోగ్రాములు, మొదటిదానికి ఐదు వేల రెట్లు. ఆ ఆఖరి మోతాదునే మొదటి రోజే ఇస్తే మీ మాస్ట్ కణాలన్నీ ఒక్కసారిగా స్పందించి ప్రాణం మీదికి రావచ్చు. ఐదు నెలల్లో ఒక్కో మోతాదుకూ ఆ కణాల చురుకు తగ్గుతూ వస్తుంది కాబట్టే అదే మోతాదు చేతి మీద చిన్న వాపుతో సరిపోతుంది. అసలు చికిత్స అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ మోతాదునే నెలకొకసారి, మూడేళ్ల పాటు ఇస్తారు. సీసాల బలం, పెంచే వరస ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, మీ డాక్టరు ఇచ్చే చార్టు ఇలాగే ఉండాలని లేదు. లెక్క తీరు మాత్రం ఇదే.

ఈ లెక్క తెలిశాక మీ రిపోర్టు చూడండి. ఆరింటినీ ఒకే సీసాలో కలిపితే ఒక్కోదానికి ఆరో వంతు చోటే దక్కుతుంది. మీకు నిజంగా కావలసిన మైట్స్ రెండూ కలిపినా మూడో వంతు. 10 మైక్రోగ్రాములు అందాల్సిన చోట మూడు చిల్లర అందుతాయి. అంటే మూడేళ్లు సూదులు పొడిపించుకుని, పనిచేసే మోతాదుకు కింద ఆగిపోతారు. పైగా బొద్దింక నుంచి తీసిన రసంలో ప్రోటీన్లను కోసే ఎంజైములు ఉంటాయి. దాన్ని పుప్పొడి రసంతో ఒకే సీసాలో నిల్వ ఉంచితే పుప్పొడి ప్రోటీన్లు క్రమంగా పాడవుతాయి. అందుకే ఆరింటి మిశ్రమం మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు, మీరూ ఒప్పుకోవద్దు.

ఆ ఆరింటిలో ఏది నిజం? చర్మ పరీక్షలో 3 మి.మీ. దద్దు అంటే పాజిటివ్ అనడానికి కనీస గీత. దద్దు వచ్చిందంటే ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే ఐజీఈ మీ ఒంట్లో ఉందని అర్థం. దానివల్లే మీకు జబ్బు వస్తోందని కాదు. ఆ రెండో మాట చెప్పాల్సింది మీ అనుభవం. వంకాయ కూర, శనగపప్పు తిని మీకు ఎప్పుడైనా గంటా రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వచ్చాయా? రాలేదంటే ఆ రెండింటినీ రిపోర్టులో కొట్టేయండి, హాయిగా తినండి. వాటిని ఇంజెక్షన్లో కలపడానికి ఏ ఆధారమూ లేదు. బొద్దింక, మైట్ కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ఒకేలాంటి ప్రోటీన్ ఉంటుంది. మైట్‌కు తయారైన ఐజీఈయే బొద్దింక రసాన్ని కూడా పట్టుకుని 3 మి.మీ. చూపించి ఉండొచ్చు. వయ్యారిభామ సంగతి మీరే చెప్పాలి. వానలు పడి ఆ మొక్క రోడ్ల పక్కన, బీడు భూముల్లో తెల్లగా పూసినప్పుడు మీ తుమ్ములు ఎక్కువవుతున్నాయా? ఏడాది పొడవునా ఒకేలా, పొద్దున పూటే ఎక్కువగా ఉన్నాయంటే దాని పాత్ర తక్కువ. మీరు రాసినదాన్ని బట్టి 8, 7 మి.మీ. చూపించిన మైట్స్ రెండే దోషులు. ఆ రెండు రకాలూ ఒకదానికొకటి చాలా దగ్గరివి, వాటిని సగం సగం కలిపి ఇవ్వడంలో తప్పులేదు.

కాబట్టి డాక్టరుని అడగాల్సిన మొదటి ప్రశ్న, మైట్స్‌కు మాత్రమే ఇవ్వగలరా అని. రెండోది, ఆఖరి మోతాదులో ముఖ్య అలర్జెన్ ఎన్ని మైక్రోగ్రాములు ఉంటుందని. మన దగ్గర దొరికే చాలా సీసాల మీద ఇన్ని గ్రాముల ముడిపదార్థం ఇన్ని మిల్లీలీటర్లలో అన్న నిష్పత్తి మాత్రమే ఉంటుంది. అందులో డెర్ పి 1 ఎంతుందో ఆ నిష్పత్తి చెప్పదు, ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ తేడా కూడా ఉండొచ్చు. ముఖ్య అలర్జెన్‌ను కొలిచి తయారుచేసిన మైట్ మందు దొరికితే ఖర్చు ఎక్కువైనా దాన్నే ఎంచుకోమంటాను. నాలుక కింద పెట్టుకునే మైట్ మాత్రలు, చుక్కలు కూడా ఉన్నాయి. మొదటి మోతాదు క్లినిక్‌లో వేసుకుని, తర్వాత ఇంట్లో రోజూ వేసుకోవాలి. మొదటి వారాల్లో నోరు, గొంతు దురద పెడుతుంది. తీవ్రమైన రియాక్షన్ ఇంజెక్షన్ కన్నా అరుదు. కానీ రోజూ మర్చిపోకుండా మూడేళ్లు వేసుకోవడం చాలామందికి కష్టమవుతోంది. మధ్యలో వారాల తరబడి మానేస్తే ఫలితం ఉండదు. మీరు క్రమం తప్పని మనిషైతే ఇదీ మంచి దారే.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. వీటిని మీరు ఉత్తరంలో మామూలుగా రాసేశారు, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించినవి ఇవే. ఒకటి, చలికాలపు రాత్రి దగ్గు. అది ముక్కు నుంచి గొంతులోకి జారే కఫం వల్ల కావచ్చు, ఆస్తమా మొదలు కావచ్చు. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష చేయిస్తే చాలావరకు తెలిసిపోతుంది. అది మామూలుగా వచ్చినా దగ్గు ఉన్న రోజుల్లో మళ్లీ చేయించాలి. ఆస్తమా ఉండి అదుపులో లేనివాళ్లకు ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. దీనివల్ల ప్రాణం పోయిన అరుదైన సందర్భాల్లో చాలామంది అలాంటివాళ్లే. ఇన్‌హేలర్‌తో అదుపులోకి వచ్చాక తీసుకోవచ్చు.

రెండోది, మైగ్రేన్ మాత్ర. దాని పేరు రాయలేదు. స్ట్రిప్ వెనక ప్రొప్రనొలాల్ అని ఉందేమో చూడండి. ఇది బీటా బ్లాకర్. ఇంజెక్షన్ తర్వాత పెద్ద రియాక్షన్ వస్తే కాపాడే మందు అడ్రినలిన్. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లలో ఆ అడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. దగ్గు ఆస్తమాగా తేలితే ఈ మాత్ర ఛాతీకి కూడా మంచిది కాదు. మీ అంతట మీరు ఆపేయొద్దు, ఒక్కసారిగా మానకూడని మాత్ర అది. మైగ్రేన్ చూసే డాక్టరుకు ఈ సంగతి చెప్పి మరో మందుకు మారాక ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. స్ట్రిప్ మీద ఉన్నది ఏ బీటా బ్లాకరూ కాకపోతే ఈ సమస్య లేదు, అయినా ఆ పేరును అలర్జీ డాక్టరుకు చూపించండి.

ఇంజెక్షన్ వేయించుకున్న ప్రతిసారీ అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి. మూడో ఏట ఇచ్చే ఇంజెక్షన్ అయినా సరే. సూది దగ్గర ఎర్రబడి, దురద పెట్టి, నిమ్మకాయంత వాపు రావడం మామూలే. ఐస్ పెడితే, సెట్రిజిన్ వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అరచేతులు దురద పెట్టడం, ఒంటి మీద దద్దుర్లు, గొంతు బిగుసుకుపోతున్నట్టు ఉండటం, ఛాతీలో పిల్లికూతలు, కళ్లు తిరగడం, ఇవి వేరు. వీటిలో ఏది వచ్చినా వెంటనే చెప్పాలి. తీవ్రమైన రియాక్షన్లు చాలావరకు ఈ అరగంటలోనే మొదలవుతాయి. అప్పుడు చేయాల్సింది తొడ ముందు భాగం బయటి వైపు కండరంలోకి అడ్రినలిన్, పెద్దవాళ్లకు 0.3 నుంచి 0.5 మి.గ్రా. ఇది ఆలస్యం చేసి ముందు అవిల్, హైడ్రోకార్టిజోన్ ఎక్కించడం చాలాచోట్ల చూస్తుంటాం. అది తప్పు. ఇంజెక్షన్ ఇచ్చే గదిలో అడ్రినలిన్ ఎక్కడుందో మొదటి రోజే అడగండి. వెంటనే చూపించలేకపోతే ఆ క్లినిక్‌లో మొదలుపెట్టొద్దు. ఇంటికి తెచ్చుకుని పక్కింటి నర్సుతో వేయించుకోవడం అసలే వద్దు. జ్వరం, ఆయాసం ఉన్న రోజు వాయిదా వేయాలి. కొన్ని వారాలు గ్యాప్ వస్తే పాత మోతాదే అడగకండి, తగ్గించి మళ్లీ పెంచాలి. కొత్త సీసా తెరిచినప్పుడూ చాలామంది డాక్టర్లు ఒక మెట్టు తగ్గిస్తారు, ఎందుకంటే పాత సీసా బలం నెలలు గడిచేకొద్దీ తగ్గి ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. "అలర్జీ ఇంజెక్షన్, సీజన్‌కి ఒకటి చాలు" అని తుంటికి వేసేది ఇది కాదు. అది చాలాసార్లు ట్రైయాంసినలోన్ లాంటి స్టెరాయిడ్. వారాల పాటు ముక్కు హాయిగా ఉంటుంది, కానీ రోగనిరోధక జ్ఞాపకంలో ఏ మార్పూ రాదు. పదే పదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు, అడ్రినల్ గ్రంథి దెబ్బతింటాయి. ఒక్క సూదితో తగ్గించేస్తామని ఎవరన్నా అంటే ఆ సీసా పేరు చదవండి.

మూడేళ్లు ఎందుకన్నది మీరు అడగలేదు, కానీ మధ్యలో మానేసేవాళ్లలో ఎక్కువమంది రెండో ఏట మానేస్తారు. అప్పటికి తుమ్ములు బాగా తగ్గి ఉంటాయి కాబట్టి. లండన్‌లో గడ్డి పుప్పొడి పడనివాళ్ల మీద జరిగిన రెండు పరిశోధనలు ఈ విషయంలో చాలా చెబుతాయి. 1999లో వచ్చినదాంట్లో మూడు నాలుగేళ్లు ఇంజెక్షన్లు తీసుకుని ఆపేసినవాళ్లకు, ఆపాక మూడేళ్ల దాకా కూడా మేలు నిలిచింది. 2017లో వచ్చినదాంట్లో రెండేళ్లే ఇచ్చి ఆపారు. చికిత్స జరుగుతున్నంతకాలం బాగానే ఉన్నారు, ఆపిన ఏడాదికి చూస్తే ఉత్త మందు తీసుకున్నవాళ్లతో తేడా లేదు. అంటే లక్షణాలు తగ్గడం ముందు జరుగుతుంది, ఆ మార్పు స్థిరపడటం తర్వాత జరుగుతుంది. మొదటిదాన్ని చూసి రెండోది కూడా అయిపోయిందనుకోకూడదు.

అలాగని పనిచేయకపోయినా మూడేళ్లు లాగాల్సిన పనిలేదు. ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్‌లో రోజూ తుమ్ములు, ముక్కు కారడం, దిబ్బడ, కళ్ల దురద ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు వేయండి. ఆ రోజు వేసుకున్న మాత్రలు, స్ప్రే కూడా రాయండి. పూర్తి మోతాదు చేరాక ఏడాది గడిచినా మార్కులూ మందులూ రెండూ తగ్గకపోతే, మోతాదు సరిపోలేదా, అలర్జెన్ తప్పుగా ఎంచుకున్నారా అని డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. ఏదీ తేలకపోతే ఆపేయాలి. తగ్గడం అంటే కూడా ఒక తుమ్మూ రాకపోవడం కాదు. రోజూ వేసుకునే మాత్ర ఎప్పుడో ఒకసారి అవసరపడే స్థితికి వస్తే చికిత్స గెలిచినట్టే.

ఈలోగా ముక్కును అలా వదిలేయకండి. ఇప్పటిదాకా సెట్రిజిన్ ఒక్కటే వాడుతున్నట్టున్నారు. ముక్కు అలర్జీకి దానికన్నా బాగా పనిచేసేది ఫ్లుటికాసోన్ లేదా మొమెటాసోన్ స్టెరాయిడ్ స్ప్రే. ఇది ముక్కులోనే పనిచేస్తుంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టండి. అప్పుడు మందు మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు పోతుంది, రక్తం కారే అవకాశం తగ్గుతుంది. పూర్తి ఫలితానికి రెండు వారాలైనా పడుతుంది కాబట్టి రెండు రోజులకే మానేయొద్దు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికించి, పరుపుకు మైట్స్ దాటలేని జిప్పు కవర్ వేయండి. ఈ స్ప్రేతోనే మీకు తొంభై శాతం హాయిగా ఉంటే ఇంజెక్షన్ల గురించి తొందరే లేదు. మూడు నెలలు సరిగ్గా వాడినా చాలకపోతే, లేక జీవితాంతం రోజూ మందు వాడటం మీకు ఇష్టం లేకపోతే, మైట్స్‌కు మాత్రమే ఇచ్చే ఇమ్యునోథెరపీకి మీరు సరైన మనిషి.

ఇక రెండో బిడ్డ సంగతి. గర్భం వచ్చాక ఈ చికిత్స కొత్తగా మొదలుపెట్టకూడదు, మోతాదు పెంచకూడదు. ఇంజెక్షన్ బిడ్డకు నేరుగా హాని చేస్తుందని కాదు, తల్లికి పెద్ద రియాక్షన్ వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుందన్నదే భయం. నెలకోసారి ఇచ్చే స్థిరమైన మోతాదుకు చేరుకుని, ఇబ్బంది లేకుండా ఉన్నవాళ్లు గర్భంలో అదే మోతాదు కొనసాగించవచ్చు. స్పైరోమెట్రీకి, మైగ్రేన్ మాత్ర మార్చడానికి, స్ప్రేను మూడు నెలలు వాడి చూడటానికి, పెంచే దశకు ఐదు నెలలు, అన్నీ కలిపితే తొమ్మిది పది నెలలు పడుతుంది. బిడ్డ కోసం అంతకాలం ఆగగలిగితే ఈ నెలలోనే ఆ ఊదే పరీక్షతో మొదలుపెట్టండి. ఆగలేకపోతే స్ప్రేతో గడిపి, ఇంజెక్షన్లు కాన్పు తర్వాత పెట్టుకోండి. బిడ్డకు పాలిస్తున్నప్పుడు కూడా వాటిని మొదలుపెట్టవచ్చు. స్ప్రేలలో గర్భంలో ఎక్కువకాలంగా వాడుతున్న అనుభవం బుడెసొనైడ్‌కు ఉంది, ప్రయత్నం మొదలుపెట్టే ముందు దానికి మార్చమని మీ గైనకాలజిస్టును అడగండి.